చేసినందుకు పోర్, చేసేందుకు పారా

(విశాఖపట్నం ద్వారకానగర్‌లో స్పానిష్ నేర్చుకుంటున్న విద్యార్థులు, ఎగుమతి ఆఫీసుల్లో పనిచేసే ఉద్యోగుల ముందు ఇచ్చిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టుగానే రాసుకున్న పాఠం. స్పానిష్ వాక్యాలను వినబడినట్టు తెలుగు లిపిలో ఇచ్చాం.)

అందరికీ నమస్కారం. ఇంత వానలో గాజువాక నుంచి, మధురవాడ నుంచి బస్సులు మారి వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను.

స్పానిష్ మొదలుపెట్టిన కొన్నాళ్లకి అందరికీ ఒకే చోట టెన్షన్ పట్టుకుంటుంది. పోర్, పారా. రెండూ చిన్న మాటలే. డిక్షనరీ తెరిస్తే రెండింటికీ ఇంగ్లిష్‌లో 'ఫర్' అనే అర్థం కనిపిస్తుంది. ఇక పుస్తకాల్లో పోర్‌కి ఒక పొడుగాటి జాబితా, పారాకి ఇంకో జాబితా ఇస్తారు. విద్యార్థులు రెండూ బట్టీ పడతారు. పరీక్షలో ఖాళీలు పూరిస్తారు కూడా. ఉత్తరం రాయాల్సి వచ్చేసరికి మాత్రం చెయ్యి ఆగిపోతుంది.

నేను ఇన్నేళ్లుగా పాఠం చెబుతూ గమనించింది ఒక్కటే. ఈ కష్టం స్పానిష్‌ది కాదు. మనం తెలుగులో ఆలోచించి, దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చుకుని, అక్కడి నుంచి స్పానిష్‌కి వెళ్తున్నాం. మధ్యలో ఆ 'ఫర్' దగ్గర మన తేడాలన్నీ కరిగిపోతున్నాయి. తెలుగు వాటిని ముందే విడదీసి పెట్టింది. వల్ల వేరు, పాటు వేరు, కల్లా వేరు. 'చేసినందుకు' వేరు, 'చేసేందుకు' వేరు. ఈ చివరి జంటని మనసులో పెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

ముందు ఒక ఉత్తరం చూద్దాం. నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి ఇక్కడే రొయ్యలు ఎగుమతి చేసే ఆఫీసులో పనిచేస్తోంది. స్పెయిన్‌లో వీగో అనే రేవు ఉంది, చేపల వ్యాపారానికి పెద్ద పేరు. అక్కడి కొనుగోలుదారుకి తను మొదటిసారి సొంతంగా ఉత్తరం రాసింది. తుఫాను వచ్చి సరుకు ఆలస్యమైంది, ఆ సంగతి చెప్పాలి. ఆరు వాక్యాలు. తను చెప్పదలుచుకున్నది తెలుగులో ఇది:

"మీరు ఆర్డర్ ఇచ్చినందుకు ధన్యవాదాలు. తుఫాను వల్ల కంటైనర్ లోడ్ చేయలేకపోయాం. పోర్టు రెండు రోజుల పాటు మూతపడింది. శాంపిల్స్ మీ ల్యాబ్‌కి. కంటైనర్ పంపేందుకు మీ సంతకం కావాలి. శుక్రవారం కల్లా సిద్ధమవుతుంది."

ఎంత చక్కగా ఉందో చూడండి. ఇందుకు, వల్ల, పాటు, కి, ఏందుకు, కల్లా. ఆరు వాక్యాల్లో ఆరు రకాల గుర్తులున్నాయి, ఒకటి ఇంకోదానితో కలవలేదు. ఇదే ఉత్తరాన్ని తను ఇంగ్లిష్ మీదుగా తీసుకెళ్లేసరికి ఆరింటిలో ఆరూ తప్పాయి. చదువు రాకపోవడం వల్ల కాదు, జాబితాలన్నీ తనకి కంఠతా వచ్చు.

ఇప్పుడు ఒక్కొక్కటీ విప్పుదాం.

మొదటిది. తను రాసింది 'గ్రాసియాస్ పారా సు పెదీదో'. రాయాల్సింది 'గ్రాసియాస్ పోర్ సు పెదీదో'. పెదీదో అంటే ఆర్డర్. ధన్యవాదాలు ఎప్పుడు చెబుతాం? అవతలివాళ్లు ఆ పని చేశాకే కదా. ఆర్డర్ వచ్చేసింది, అది మన వెనక ఉంది. ఆ వెనకున్న దాన్ని చూపించేది పోర్. అందుకే దేనికి ధన్యవాదాలో చెప్పేటప్పుడు గ్రాసియాస్ తర్వాత పోర్ వస్తుంది, పారా రాదు.

రెండోది, తుఫాను. తను 'పారా ఎల్ సిక్లోన్' అని రాసింది. 'నో పుదీమోస్ కర్గార్ ఎల్ కొంతెనెదోర్ పారా ఎల్ సిక్లోన్' అని చదివితే, తుఫానుకి ఇవ్వాల్సిన కంటైనరేదో మనం లోడ్ చేయలేకపోయామన్నట్టు ఉంటుంది. కారణం చెప్పాలంటే 'పోర్ ఎల్ సిక్లోన్'. తెలుగులో 'వల్ల' అని వచ్చిన ప్రతిచోటా కళ్లు మూసుకుని పోర్ పెట్టొచ్చు. వర్షం వల్ల, ట్రాఫిక్ వల్ల, జ్వరం వల్ల, అన్నీ పోర్. ఇక్కడ మనం ఆలోచించాల్సిన పనే లేదు.

ఐదోదాన్ని ముందుకు లాగుతున్నాను, ఎందుకంటే ఇవాళ నేను చెప్పాలనుకున్నదంతా అందులోనే ఉంది. 'కంటైనర్ పంపేందుకు మీ సంతకం కావాలి.' తను రాసింది 'నెసెసితామోస్ సు ఫీర్మా పోర్ ఎన్బియార్ ఎల్ కొంతెనెదోర్'. ఎన్బియార్ అంటే పంపడం. పోర్ పెట్టేసరికి ఏమైందంటే, చదివే మనిషికి 'కంటైనర్ పంపినందుకు మీ సంతకం కావాలి' అన్న వాసన వస్తుంది. అంటే పంపేశారా? అవతలాయన వెంటనే అదే అడిగాడు, సరుకు బయల్దేరిందా అని. సరుకేమో ఇంకా ఇక్కడ కోల్డ్ స్టోరేజీలోనే ఉంది.

స్పానిష్‌లో ఈ ఎన్బియార్ అనే రూపం కాలం చెప్పదు. పంపినా అదే, పంపబోయినా అదే. కాబట్టి అయిపోయిందా, అవ్వాలా అనే బరువంతా ముందున్న చిన్న మాట మీద పడుతుంది. తెలుగులో ఆ బరువు క్రియే మోస్తుంది. 'పంపినందుకు' అంటే పంపడం అయిపోయింది. 'పంపేందుకు' అంటే పంపడం ముందుంది. రెండింటిలోనూ చివర 'అందుకు' ఒక్కటే, మారింది క్రియ రూపం. స్పానిష్‌లో క్రియ రూపం ఒక్కటే, మారేది ముందున్న మాట. బరువు మోసే చోటు మారింది కానీ తేడా అదే తేడా.

ఇంకో జంట చూడండి. 'లో దెస్పిదియెరోన్ పోర్ యెగార్ తార్దె.' ఆలస్యంగా వచ్చినందుకు అతన్ని పనిలోంచి తీసేశారు. 'కొర్రియో పారా యెగార్ ఆ తియెంపో.' సమయానికి చేరేందుకు పరిగెత్తాడు. యెగార్ అంటే రావడం, చేరడం. రెండు వాక్యాల్లోనూ అదే యెగార్. వచ్చినందుకు పోర్, చేరేందుకు పారా.

మీరు ఇంట్లో స్పానిష్ వాక్యం రాసేటప్పుడు క్రియకి ముందు ఏది పెట్టాలో తెలియకపోతే, ఆ వాక్యాన్ని తెలుగులో 'అందుకు'తో చెప్పి చూడండి. నోటికి 'ఇనందుకు' వస్తే పోర్, 'ఏందుకు' వస్తే పారా. 'చేయడానికి' అని వచ్చినా 'చేసేందుకు'తో సమానమే, పారాయే. నా క్లాసులో జాబితాలు మానేసి ఈ ఒక్క పరీక్ష పెట్టినప్పటి నుంచి, కారణానికీ ఉద్దేశానికీ మధ్య పొరపాట్లు బాగా తగ్గాయి.

దీని వెనక ఒక చరిత్ర కూడా ఉంది, నాకు చాలా ఇష్టమైన సంగతి. పారా అనేది మొదటి నుంచీ విడిగా పుట్టిన మాట కాదు. పాత స్పానిష్‌లో అది 'పొరా'. అంటే పోర్‌కి 'ఆ' చేరింది. ఆ 'ఆ' ఏమిటంటే, స్పానిష్‌లో మన 'కి, కు' లాంటిది, ఎటు వెళ్తున్నామో చూపించేది. 'బోయ్ ఆ మద్రిద్' అంటే మద్రిద్‌కి వెళ్తున్నాను. కాబట్టి పారా అంటే లోపల 'కి' దాచుకున్న పోర్. దానికొక దిశ ఉంది, ముందుకి చూస్తుంది. ఆ 'కి' తన లోపలే ఉంది కాబట్టే మన 'కి' వచ్చిన చాలా చోట్ల పారా సరిపోతుంది. చాలా చోట్ల అన్నాను, అన్ని చోట్లా అనలేదు. సరిపోని చోట్లు కూడా చెబుతాను.

నాలుగో వాక్యం దానికి మంచి ఉదాహరణ. 'శాంపిల్స్ మీ ల్యాబ్‌కి.' లాస్ మువెస్త్రాస్ సోన్ పారా సు లబొరతోరియో. వస్తువు ఎవరికి చేరాలో వాళ్లకి పారా. తను పోర్ రాసింది. అప్పుడు ఈ శాంపిల్స్ మీ ల్యాబ్ వల్ల పంపాల్సి వస్తోంది అన్నట్టు, ఒక నిష్ఠూరంలా వినిపిస్తుంది. మందుల షాపులో కూడా ఇంతే. జ్వరానికి మాత్ర అంటే 'పస్తీయా పారా లా ఫియెబ్రె'. జ్వరం వల్ల రాలేదు అంటే 'నో బీనె పోర్ లా ఫియెబ్రె'. జ్వరం అదే. మాత్ర దాని మీదికి వెళ్తోంది కాబట్టి పారా. మనం రాకుండా ఆపింది అదే కాబట్టి పోర్. మనం తెలుగులో 'జ్వరం వల్ల మాత్ర ఇవ్వండి' అని ఎప్పుడూ అనం. అదే జాగ్రత్త స్పానిష్‌లోనూ ఉంటే చాలు.

మూడో వాక్యం, పోర్టు రెండు రోజుల పాటు మూతపడటం. తను 'సెర్రాదో పారా దోస్ దీయాస్' అని రాసింది. పాటుకి పుస్తకం చెప్పేది పోర్, అది తప్పు కాదు. కానీ నా సలహా వేరు. గడిచిపోయిన వ్యవధి చెప్పేటప్పుడు స్పెయిన్ వాళ్లు ఎక్కువగా 'దురాంతె దోస్ దీయాస్' అంటారు, లేదా ఏమీ పెట్టకుండా 'ఎల్ పువెర్తో ఎస్తూబో సెర్రాదో దోస్ దీయాస్' అనేస్తారు. 'పోర్టు రెండు రోజులు మూతపడింది' అని మనమూ పాటు లేకుండా చెప్పేస్తాం కదా, అచ్చం అలాగే. లాటిన్ అమెరికాలో 'పోర్ దోస్ దీయాస్' ధారాళంగా వినిపిస్తుంది. ఎటు రాస్తున్నా ఏమీ పెట్టకపోతే తప్పు పోదు.

కాలం ముందు పారా వచ్చే చోటు ఒకటుంది. మన ఫిషింగ్ హార్బర్‌లో బోటు బయల్దేరే ముందు ఐస్ ఎక్కిస్తారు. 'పది రోజులకి సరిపడా ఐస్' అంటే 'ఇయెలో పారా దియెస్ దీయాస్'. ఇక్కడ పది రోజులు గడవలేదు, గడవబోతున్నాయి. ఐస్ వాటి కోసం ఉంది. మళ్లీ 'పాటు' దగ్గర పోర్, 'కి' దగ్గర పారా.

ఇక ఆరోది, గడువు. నిజంగా డబ్బు నష్టం తెచ్చేది ఇదే. తను రాసింది 'పోర్ ఎల్ బియెర్నెస్'. ఎందుకలా రాసిందో నాకు తెలుసు. ఇంగ్లిష్‌లో 'బై ఫ్రైడే' అనుకుంది. 'ఫలానా ఆయన చేత రాయబడింది' అని చెప్పేటప్పుడు వచ్చే 'బై'కి స్పానిష్‌లో పోర్ అని నేర్చుకుంది. ఆ 'బై'ని తెచ్చి ఇక్కడ అతికించింది. తెలుగులో 'చేత'కీ 'కల్లా'కీ ఏమైనా పోలిక ఉందా? శుక్రవారం చేత సిద్ధమవుతుంది అని ఎవరైనా అంటారా? అనరు. గడువు ముందున్న గీత. దానికి పారా: 'ఎస్తరా లీస్తో పారా ఎల్ బియెర్నెస్'.

పోర్ రాస్తే ఉత్త తప్పుగా మిగిలిపోతే ఫర్వాలేదు. కానీ కాలం ముందు పోర్ వచ్చినప్పుడు స్పానిష్‌లో దానికి 'ఆ ప్రాంతంలో' అనే అర్థం ఉంది. 'పోర్ నబిదాద్' అంటే క్రిస్మస్ ప్రాంతంలో, ఆ రోజుల్లో ఎప్పుడో. 'పోర్ లా మన్యానా' అంటే పొద్దుటి పూట. కాబట్టి గడువులో పోర్ పెడితే, కచ్చితంగా చెప్పాల్సిన మాట వదులైపోతుంది. వీగో ఆయన తిరిగి రాసి, తేదీ వేయండి అని అడిగాడు. మంచివాడు కాబట్టి అడిగాడు.

పారాతోనూ ఒక జాగ్రత్త ఉంది. 'పారా ఎల్ బియెర్నెస్' అంటే మన 'శుక్రవారానికి' లాంటిదే, శుక్రవారం నాడు చేతిలో ఉంటుందని. ఇంకా ముందే కావాలంటే 'ఆంతెస్ దెల్ బియెర్నెస్', శుక్రవారం రాకముందే. ఎంత ఆలస్యమైనా శుక్రవారం దాటకూడదు అని గట్టిగా చెప్పాలంటే 'ఆ మాస్ తర్దార్ ఎల్ బియెర్నెస్'. ఒప్పందాల్లో నేనైతే ఈ చివరిదే రాయమంటాను, పక్కన తేదీతో సహా.

రెండు మాటలూ పక్కపక్కనే వచ్చే ఒక పదబంధం ఉంది. 'పారా మన్యానా పోర్ లా మన్యానా.' రేపు పొద్దుటికల్లా. మొదటి మన్యానా రేపు, రెండోది పొద్దున. పారా గీత గీసింది, పోర్ ఆ గీత ఏ పూటలో ఉందో చెప్పింది. ఈ ఒక్కటి నోటికి వచ్చేదాకా అనుకోండి. గడువుకి ఏది, పూటకి ఏది అన్నది మళ్లీ మర్చిపోరు.

ఇప్పుడు తెలుగు మనకి సాయం చేయని చోటికి వద్దాం. ఆ చోటు పేరు 'కోసం'.

'నీ కోసం చేశాను.' దీన్ని స్పానిష్‌లో ఎలా చెప్పాలి? 'లో ఈసె పోర్ తీ', 'లో ఈసె పారా తీ' రెండూ సరైన వాక్యాలే, అర్థాలు వేరు. అమ్మ పులిహోర చేసి గిన్నె మన ముందు పెట్టి 'నీ కోసం చేశాను' అంటే పారా తీ. పులిహోర మనకి చేరాలి. అదే అమ్మ ఎప్పుడో, ఉద్యోగం వచ్చినా వేరే ఊరు వెళ్లకుండా విశాఖలోనే ఉండిపోయి, 'నీ కోసమే ఉండిపోయాను' అంటే అది పోర్ తీ. అక్కడ చేతికి అందేదేమీ లేదు. నీ మీద ప్రేమ కారణం, ఉండిపోవడం ఫలితం. కారణం కాబట్టి పోర్.

'కోసం' తీసేసి 'కి' పెట్టి చూడండి. 'నీకు పులిహోర చేశాను' అంటే నిలబడింది, పారా. 'నీకు విశాఖలో ఉండిపోయాను' అంటే నిలబడలేదు. దాని బదులు 'నిన్ను చూసి ఉండిపోయాను' అంటే నిలబడుతుంది, పోర్. చాలా వాక్యాలు ఈ పరీక్షతో తేలిపోతాయి. ప్రేమ, భయం, గౌరవం, పంతం, ఇలాంటివి మనల్ని వెనక నుంచి తోస్తుంటే పోర్ అనే గుర్తుపెట్టుకోండి.

తేలని చోటు కూడా ఒకటి చెప్పాలి. 'బ్రెడ్ కోసం వెళ్తున్నాను.' మన పరీక్ష ప్రకారం ఇది ముందున్న పని, పారా రావాలి. కానీ వాళ్లు 'బోయ్ పోర్ పాన్' అంటారు, స్పెయిన్‌లో అయితే 'బోయ్ ఆ పోర్ పాన్' అని కూడా అంటారు. ఏదైనా తేవడానికి వెళ్లడం, ఎవర్నైనా వెతుక్కుంటూ వెళ్లడం, ఇవి పోర్ దగ్గరే ఉండిపోయాయి. అదే వాక్యంలోకి క్రియ తెస్తే, 'బ్రెడ్ కొనేందుకు' అంటే, వెంటనే పారా వచ్చేస్తుంది: 'పారా కొంప్రార్ పాన్'. ఇది నియమంలో ఒదగదు, అలవాటు చేసుకోవాల్సిందే.

'ఎందుకు' అనే మన ప్రశ్న కూడా ఇలాగే రెండుగా చీలుతుంది. కారణం అడిగితే 'పోర్ కే', ప్రయోజనం అడిగితే 'పారా కే'. ఎవరైనా వస్తే 'పారా కే' అని అడగకండి, 'ఏం పని మీద వచ్చావ్' అన్నట్టు కటువుగా తగలొచ్చు. సందేహం ఉంటే పోర్ కే అడగండి.

(ఇక్కడ వెనక వరుసలోంచి ఒకమ్మాయి లేచి అడిగింది: "సార్, ధర చెప్పేటప్పుడు? పది యూరోలకి కొన్నాను అంటాం కదా. 'కి' ఉంది కాబట్టి పారా పెట్టొచ్చా?")

మంచి ప్రశ్న అమ్మా. సరిపోని చోట్లు చెబుతానన్నాను, అసలైనది నువ్వే అడిగేశావు. పెట్టకూడదు. 'లో కొంప్రే పోర్ దియెస్ ఎవురోస్', పోర్. పది యూరోలు నువ్వు చేరబోయే చోటు కాదు. ఒక చేత్తో అవి ఇచ్చి, ఇంకో చేత్తో వస్తువు తీసుకున్నావు. దానికి బదులు ఇది. మార్పిడి ఎప్పుడూ పోర్. మన 'కి' చాలా పనులు చేస్తుంది, ధర కూడా అదే చెబుతుంది. కాబట్టి 'కి' కనిపించినప్పుడు ఒక్క క్షణం ఆగి, ఈ 'కి' తీసేసి 'బదులు' అనొచ్చా అని చూడు. పది యూరోల బదులు తీసుకున్నాను అనొచ్చు, కాబట్టి పోర్.

లెక్క చెప్పే 'కి' కూడా పారా కాదు. పెట్టెకి ఇరవై కిలోలు, 'బెయింతె కీలోస్ పోర్ కాహా'. వారానికి రెండుసార్లు, 'దోస్ బేసెస్ పోర్ సెమానా'. ఇన్‌వాయిస్ రాసేవాళ్లు ఈ రెండూ రోజూ వాడతారు, కాబట్టి ముందు ఇవి సరిచూసుకోండి.

ఆ 'బదులు' అనేది మనుషులకీ వర్తిస్తుంది. 'త్రబాహో పారా మి తీయో' అంటే బాబాయ్ దగ్గర పనిచేస్తున్నాను, జీతం ఆయనే ఇస్తాడు. 'త్రబాహో పోర్ మి తీయో' అంటే ఇవాళ బాబాయ్ రాలేదు, ఆయన బదులు నేను చేస్తున్నాను, లేదా ఆయన మొహం చూసి చేస్తున్నాను. స్పెయిన్ నుంచి వచ్చే ఉత్తరాల అడుగున సంతకం పక్కన P. O. అని కనిపిస్తే అది పోస్టాఫీసు కాదు. పోర్ ఓర్దెన్, అంటే పైఅధికారి ఆదేశం మేరకు ఆయన బదులు ఇంకొకరు సంతకం పెట్టారని. మన అమ్మాయి రెండోసారి రాసిన ఉత్తరంలో ఆరు వాక్యాలూ సరిగ్గా ఉన్నాయి. మేనేజర్ ఊళ్లో లేకపోవడంతో అడుగున ఆ రెండు అక్షరాలు వేసి, తనే సంతకం పెట్టి పంపింది.